చిత్రపటంలోని ముత్తాతను ఫోటోగా మార్చడం: పటంలో లేనిది చేరకుండా పని చేసే పద్ధతి

చంద్రగిరిలో ఒక పాత ఇంటి పడసాలలో రెండడుగుల ఎత్తున్న తైలవర్ణ చిత్రం ఉంది. తెల్ల తలపాగా, మెడ దాకా మూసిన పొడవాటి కోటు, భుజం మీద జరీ అంచు ఉత్తరీయం, నుదుట తిరునామం, చెవులకు పోగులు. ఆయన ఆ ఇంటివారికి ముత్తాత. బ్రిటిష్ కాలంలో తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. ఆయన ఫోటో ఒక్కటీ మిగలలేదు. ఈ చిత్రం ఆధారంగా నిజమైన ఫోటోలా కనిపించే బొమ్మ చేసి ఇవ్వమని కుటుంబం అడిగింది. తిరుపతిలో పాత ఫోటోలు బాగుచేయడం నా వృత్తి కాబట్టి పటం నా దగ్గరికి వచ్చింది. దాన్నే ఉదాహరణగా పెట్టుకుని పని మొత్తం వరసగా చెబుతాను.

ఈ పనిలో చిక్కు ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి. చిత్రకారుడికి కొన్ని విషయాలు చెప్పకుండా వదిలేసే వెసులుబాటు ఉంది. కనుబొమను ఒక్క కుంచె గీతతో ముగించవచ్చు, కోటు గుండీని ఒక రంగు చుక్కగా వదిలేయవచ్చు. ఫోటోకు ఆ వెసులుబాటు లేదు. కనుబొమలో ఒక్కొక్క వెంట్రుక కనిపించాలి, గుండీకి ఒక ఆకారం ఉండాలి, చర్మానికి రంధ్రాలు, ముడతలు ఉండాలి. చిత్రకారుడు చెప్పని ఆ వివరాలను కంప్యూటర్ ఎక్కడి నుంచో తెచ్చి పూరించాలి. అది తాను నేర్చుకున్న లక్షల మంది అపరిచితుల ముఖాల నుంచి తెస్తుంది. చూసేవారు మాత్రం ఫోటోను సాక్ష్యంగా నమ్ముతారు. పటం చూసి “ఇలా గీశారు” అనుకునే మునిమనవడే ఫోటో చూస్తే “ఇలా ఉండేవారు” అనుకుంటాడు. కాబట్టి కల్పన ఎక్కడ జరిగిందో పట్టుకోవడం, తగ్గించడం, మిగిలినదాన్ని బొమ్మ మీదే చెప్పడం ఈ పనిలో అసలు భాగం. బొమ్మను మార్చడం అంతకంటే తేలిక.

పటం ఎవరిని చూసి గీశారో తేల్చుకోండి

కంప్యూటర్ తెరవకముందే పటాన్ని చట్రం నుంచి తీయించండి. దేవుడి పటాలు కట్టే దుకాణాలకు తిరుపతిలో కొదవ లేదు. పాత మేకులు విరగకుండా తీయడం వారికి చేతనవును. రంగు అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం లాగనివ్వకండి, అద్దంతోనే ఉంచండి. వెనక వైపు కూడా ఫోటో తీయండి. చట్రం కట్టినవారి చీటీ, పెన్సిల్ రాతలు, తేదీలు సాధారణంగా అక్కడే దొరుకుతాయి.

తరువాత భూతద్దంతో ముఖం చూడండి. మన ఇళ్లలో ‘పెయింటింగ్’ అని పిలిచే పటాల్లో కొన్ని నిజానికి పెద్దవి చేసిన ఫోటో మీద రంగులు వేసినవి. అంచుల్లో రంగు ఊడినచోట కింద మృదువైన బూడిద రంగు ఛాయ కనిపిస్తే, అది ఫోటో కాగితం అయి ఉంటుంది. అలాంటి పటం దొరికితే అదృష్టమే, ఎందుకంటే ముఖపు కొలతలు కెమెరా నుంచి వచ్చినవి. కాన్వాసు నేత, దాని మీద కుంచె జాడలు మాత్రమే కనిపిస్తే అది పూర్తిగా చేత్తో గీసినదే.

మన పటం రెండో రకం. కింది మూలలో చిత్రకారుడి సంతకం పక్కన 1938 అని ఉంది. ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచిన పింఛను కాగితం ప్రకారం ఆయన 1931లో పోయారు. అంటే ఆయన పోయిన ఏడేళ్లకు గీసిన పటం ఇది. మరి దేన్ని చూసి గీశారు? ఒక చిన్న గ్రూపు ఫోటో ఇచ్చారని, ముఖం సరిగా తెలియకపోతే పెద్దకొడుకును కూర్చోబెట్టి చూసి గీశారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ గ్రూపు ఫోటో ఇప్పుడు లేదు. కాబట్టి ఆ ముక్కు, ఆ దవడ తండ్రివో కొడుకువో ఈ పటం చెప్పలేదు. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, పని చేసేవారి చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

పటాన్ని ఫోటో తీయడం

కిటికీ వెలుతురు చాలు, ఎండ నేరుగా పడకూడదు. పటాన్ని నిటారుగా నిలబెట్టి, ఫోను కెమెరాను పటం మధ్యభాగానికి ఎదురుగా, సమాంతరంగా పెట్టండి. దగ్గరికి వెళ్లి తీస్తే వెడల్పు లెన్సు ముఖాన్ని సాగదీస్తుంది. కాబట్టి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరం నుంచి 2x లెన్సుతో తీయండి. ఫ్లాష్ వద్దు. పటం పక్కన ఒక తెల్ల కాగితం, ఒక స్కేలు కూడా ఫోటోలో పడేలా ఉంచండి. తరువాత రంగు సరిచేసేటప్పుడు తెల్ల కాగితమే ఆధారం.

ఫోనులోని ‘బ్యూటీ’, ముఖాన్ని నున్నగా చేసే ఏర్పాట్లు అన్నీ ఆపేయండి. పని మొదలు కాకముందే కల్పన మొదలయ్యేది అక్కడే.

ఇంకొక ఫోటో తప్పనిసరి. గది చీకటి చేసి, టార్చిని పటానికి ఒక పక్కన, దాదాపు అంచుకు ఆనించినట్టు పెట్టి తీయండి. ఏటవాలు వెలుగులో రంగు ఎత్తుపల్లాలు బయటపడతాయి. మన పటంలో ముఖం నిండా సన్నని పగుళ్ల వల ఉంది, కానీ తిరునామం దగ్గరికి వచ్చేసరికి పగుళ్లు మాయమయ్యాయి. అక్కడ రంగు మందంగా లేచి ఉంది, పగుళ్లలోకి కూడా దిగింది. పాత రంగు ఎండి పగిలిన తరువాత ఎవరో నామాన్ని మళ్లీ దిద్దారని దీని అర్థం. మసకబారిన నామాన్ని ఇంట్లోవారే భక్తితో దిద్దించి ఉంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ నామం ఆకారం 1938 నాటి చిత్రకారుడిది కాదని లెక్కలో రాసుకోవాలి.

ఆధారాల పట్టిక రాయడం

ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటిది పటంలో కనిపించేది. రెండోది కాగితాల్లోనో ఇంటివారి మాటల్లోనో ఉన్నది, దాని పక్కనే ఎవరు చెప్పారో, వారు స్వయంగా చూశారో విన్నారో. మూడోది ఎవరికీ తెలియనిది. ముఖంలో ప్రతి భాగానికీ, దుస్తుల్లో ప్రతి వస్తువుకూ ఒక వరస కేటాయించండి.

పెద్దవాళ్లతో మాట్లాడటం ఇప్పుడే ముగించండి, ఫోటోలాంటి బొమ్మ తయారైన తరువాత కాదు. ఒకసారి స్పష్టమైన ముఖం కళ్లముందు పడితే జ్ఞాపకం ఆ ముఖానికే సర్దుకుంటుంది. “ఆయన ముక్కు పొడవేనా?” అని అడగకండి. “ఆయన గురించి ఏం చెప్పేవారు?” అని అడిగి వినండి. మన పటం విషయంలో ఆయనను కళ్లారా చూసినవారు ఇప్పుడు ఎవరూ లేరు. ఇంటి పెద్దావిడ ఒకరు “మా అత్తగారు చెప్పేది, ఆయన చామనచాయ, మశూచి మచ్చలు ఉండేవట” అన్నారు. అది విన్న మాట, అదీ ఒక తరం అవతల నుంచి. విలువైనదే, కానీ రెండో గడిలోనే ఉండాలి.

ప్రభుత్వోద్యోగం చేసినవారి విషయంలో ఇంకొక మంచి ఆధారం ఉంది. సర్వీసు రిజిస్టరులో ఎత్తు, గుర్తింపు మచ్చలు రాసే గడులు ఉంటాయి. వెతికేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, కాబట్టి అప్పటి కాగితాల మీద ఆ పేరే ఉంటుంది. ఈ కుటుంబం దగ్గర రిజిస్టరు మొదటి పేజీ నకలు దొరికింది. అందులో ఎత్తుతో పాటు ‘ఎడమ చెంప మీద పుట్టుమచ్చ’ అనే అర్థం వచ్చే మాట ఉంది. పటంలో ఆ పుట్టుమచ్చ లేదు.

ఇప్పుడు పుట్టుమచ్చను బొమ్మలో పెట్టాలా? పెట్టకూడదని నా నిర్ణయం. అది ఉందని రికార్డు చెబుతోంది, కానీ చెంపలో ఎక్కడ, ఎంత పరిమాణంలో ఉందో చెప్పడం లేదు. పెట్టిన మరుక్షణం నేను ఒక స్థానాన్నీ ఒక పరిమాణాన్నీ కల్పించినట్టే. మశూచి మచ్చలకూ ఇదే వర్తిస్తుంది. రెండూ బొమ్మ కింద రాతలోకి వెళ్లాలి. ముఖంలోకి కాదు.

సాధనం లోపల జరిగేది

ఈ పనికి నేను వాడేది సొంత కంప్యూటర్‌లో నడిచే, బొమ్మలు తయారుచేసే స్టేబుల్ డిఫ్యూజన్ ఎస్‌డీఎక్స్ఎల్ మోడల్, ఒక బొమ్మను ఇచ్చి ఇంకొక బొమ్మ తీసుకునే పద్ధతిలో. పటం మీద కొంత గందరగోళం చల్లి, దాన్ని తిరిగి శుభ్రం చేస్తూ కొత్త బొమ్మ తయారుచేయడం దీని తీరు. ఎంత చల్లాలో నిర్ణయించేది `strength` అనే అంకె. 0 అయితే పటం దాదాపు అలాగే ఉంటుంది, 1 అయితే పటాన్ని పూర్తిగా మరిచిపోతుంది. 0.2 దగ్గర ఇంకా పెయింటింగ్ లాగే కనిపిస్తుంది. 0.6 దాటితే అందమైన ఫోటో వస్తుంది, కానీ అందులో ఉన్నది వేరే మనిషి. మధ్యలో ఎక్కడో ఆగాలి.

రెండో సంగతి కొలతలది. ఈ మోడల్ బొమ్మను అలాగే పట్టుకోదు. నిలువునా అడ్డంగా ఎనిమిదో వంతుకు కుదించి, ఆ కుదించిన రూపంలో పని చేస్తుంది. పటం మొత్తాన్ని 1024 పిక్సెల్స్‌గా ఇస్తే ముఖం 200 పిక్సెల్స్ వెడల్పు, ఒక కన్ను 40 పిక్సెల్స్ ఉంటుందనుకోండి. కుదించిన తరువాత ఆ కంటికి మిగిలేది అయిదు గడులు. కనురెప్ప మడత, చూపు దిశ, కంటి చివరి వాలు అన్నీ ఆ అయిదు గడుల్లో ఇమడవు. పోయినదాన్ని మోడల్ తనకు తెలిసిన కళ్లతో నింపుతుంది. మనిషి మారిపోయాడని మనకు అనిపించేది ఎక్కువగా ఇక్కడే. అందుకే తలభాగాన్ని విడిగా కత్తిరించి, దాన్నే 1024 పిక్సెల్స్‌గా ఇచ్చి పని చేయాలి. దుస్తులు వేరే విడతలో చేసి చివర కలపాలి.

మూడోది, ముఖాలను ‘బాగుచేసే’ GFPGAN, CodeFormer లాంటి సాధనాలు. ఫోను యాప్‌లు అనేకం ఇలాంటివాటిని అడగకుండానే నడిపిస్తాయి. ఈ రెండూ ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే 70,000 ముఖాల సంకలనం మీద నేర్చుకున్నవి. ఆ ముఖాలు ఫ్లికర్ వెబ్‌సైటు నుంచి తీసుకున్నవి. ఇలాంటి సాధనాలు ఎటు లాగుతాయో 2020లో అందరూ చూశారు. మసక బొమ్మను స్పష్టం చేసే పల్స్ అనే పరిశోధనా సాధనానికి బరాక్ ఒబామా ముఖాన్ని గడులు గడులుగా మసకబార్చి ఇస్తే, అది ఒక తెల్లజాతి మనిషి ముఖాన్ని తిరిగి ఇచ్చింది. ఆ సాధనం వాడిన మోడల్ కూడా ఇదే సంకలనం మీద నేర్చుకున్నదే. పూర్వీకుల పటాలకు ముఖాలు బాగుచేసే సాధనాలను నేను అసలు వాడను. `strength` లాంటి అంకెను మన చేతికి ఇవ్వని యాప్‌లనూ వాడను.

రాసే మాటలు

మోడల్‌కు ఇచ్చే వర్ణన పొట్టిగా, పొడిగా ఉండాలి. మన పటానికి నేను ఇచ్చినది ఇది:

```
color portrait photograph, man in white turban and closed coat,
plain background, soft daylight, natural skin, closed mouth
```

ఇందులో దేశం, కులం, మతం, దశాబ్దం లేవు. ఆ మాటలు చేరిస్తే నిజానికి దగ్గరవుతామని అనిపిస్తుంది కానీ, ప్రతి మాటా ఒక మూస బొమ్మను వెంట తెస్తుంది. భారతీయుడు, తలపాగా అని కలిపి రాస్తే రాజస్థానీ పాగా మడతలు గానీ సిక్కు తలపాగా మడతలు గానీ దిగుతాయి, వాటితో పాటు గడ్డమూ వస్తుంది. మద్రాసు రాజధాని కచేరీ గుమాస్తాల తలపాగా చుట్టు వేరు. అందమైన, హుందా అయిన లాంటి విశేషణాలు దవడను చెక్కేస్తాయి. చర్మం వివరంగా కావాలని రాస్తే పటంలో లేని ముడతలు పుడతాయి. నోరు మూసుకుని ఉండాలన్న మాట మాత్రం అవసరం, ఎందుకంటే ఈ మోడళ్లు పెదవుల చివరలను కొద్దిగా పైకి లేపి చిన్న చిరునవ్వు పెడతాయి.

ముఖపు హద్దులు జరగకుండా కంట్రోల్‌నెట్ జోడించండి. పటంలోని గీతలను విడిగా తీసి, కొత్త బొమ్మ ఆ గీతలను దాటకుండా ఆపుతుంది. కానీ అది కాపాడేది హద్దులను మాత్రమే. బుగ్గ లోతు, ముక్కు దూలం ఎత్తు, కళ్ల కింది వాపు వెలుగునీడల్లో ఉంటాయి, అవి మారిపోగలవు. దీన్ని పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి.

ఏ భాగానికి ఎంత

బొమ్మ అంతటికీ ఒకే `strength` ఇవ్వడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. మార్చాల్సిన భాగాన్ని మాత్రమే తెరిచి ఉంచే మాస్కులు గీసి భాగాలుగా చేయండి. ఉత్తరీయం, కోటు గుడ్డకు 0.5 ఇచ్చాను, గుడ్డ మడత కొద్దిగా మారినా మనిషి మారడు. ముఖానికి 0.35. కళ్లకు 0.2. తిరునామం, చెవిపోగులు, ఉత్తరీయపు జరీ అంచు మాత్రం మోడల్‌కు అప్పగించలేదు. వాటిని పటం ఫోటో నుంచి నేరుగా కత్తిరించి, మెత్తటి అంచుతో పైన అతికించి, చుట్టూ ఉన్న భాగంతో కలిసేలా కొద్దిగా గరుకుతనం ఇచ్చాను.

నామం దగ్గర ఇంత పట్టుదల ఎందుకో తిరుపతివారికి వేరే చెప్పనక్కరలేదు. తెంగలై నామానికి ముక్కు మీదికి దిగే పాదం ఉంటుంది, వడగలై నామానికి ఉండదు. ఆ చిన్న గీత ఒక కుటుంబ సంప్రదాయాన్ని చెబుతుంది. మోడల్‌కు వదిలేస్తే ఒకసారి పాదం వస్తుంది, ఇంకోసారి పోతుంది, మరోసారి మూడు నిలువు గీతలు మిగులుతాయి. నామం తరువాతి కాలంలో దిద్దినదని మనకు తెలుసు కాబట్టి ఆ మాట పట్టికలో ఉంది. బొమ్మలో మాత్రం పటంలో ఈరోజు ఉన్న ఆకారాన్నే ఉంచాను. ఇంటివారి నామమూ అదే.

ముఖానికి వాడిన ఆదేశం ఇలా ఉంటుంది. `face` అంటే కత్తిరించిన తలభాగం, `lines` అంటే కంట్రోల్‌నెట్ కోసం పటం నుంచి తీసిన గీతల బొమ్మ. ఇందులో గందరగోళాన్ని శుభ్రం చేసే 40 అడుగులు అడిగినా `strength` 0.35 కాబట్టి నడిచేవి 14 మాత్రమే:

```python
out = pipe(prompt=prompt, image=face, control_image=lines, strength=0.35,
           guidance_scale=5.0, num_inference_steps=40,
           generator=torch.Generator("cpu").manual_seed(11)).images[0]
```

చివరి వరసలోని అంకె సీడ్. దాన్ని మారిస్తే అదే పటం నుంచి, అవే మాటలతో కొంచెం వేరైన బొమ్మ వస్తుంది. తరువాతి మెట్టు మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

కల్పన బయటపడే పరీక్ష

సీడ్ ఒక్కటే మారుస్తూ ఎనిమిది బొమ్మలు తీయండి. పటంలో నిజంగా ఉన్నది ఎనిమిదింటిలోనూ ఒకేలా వస్తుంది. పటం చెప్పనిచోట ఎనిమిదీ ఎనిమిది రకాలుగా ఉంటాయి. కంటితో పోల్చడం కష్టమైతే ఈ నాలుగు వరసలు తేడాను ఒక బొమ్మగా చూపిస్తాయి, తెల్లగా వెలిగినచోటే మోడల్ ఊహించింది:

```python
import glob, numpy as np
from PIL import Image
a = np.stack([np.array(Image.open(f).convert("L"), float) for f in glob.glob("seed_*.png")])
Image.fromarray(np.clip(a.std(0)*4, 0, 255).astype("uint8")).save("diff.png")
```

మన పటంలో వెలిగినవి మీసం చివరలు, చెవి లోపలి మడతలు, కోటు గుండీలు, ఛాతీ ఎడమవైపు ఒక చోటు. ఆ చివరిది నాకు ముఖ్యంగా తోచి పటాన్ని మళ్లీ చూశాను. అక్కడ ఒక చిన్న తెల్ల కుంచె చుక్క ఉంది. జేబు గడియారం గొలుసు మీద మెరుపో, గుడ్డ మీద వెలుగో, రంగు జారిన మచ్చో చెప్పడానికి వీలు లేదు. మోడల్ కొన్ని బొమ్మల్లో దాన్ని గుండీ చేసింది, ఒకదానిలో రిబ్బనుతో సహా పతకం చేసింది. ఆ బొమ్మ గోడకు ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పతకం కనిపిస్తే ప్రభుత్వం ఇచ్చిన బిరుదు గుర్తుకొస్తుంది. ఇంకో తరం గడిచేసరికి తాలూకా కచేరీ గుమాస్తా రావుబహదూర్ అయిపోతారు, అడిగినవారికి ఫోటో చూపిస్తారు. ఆ చోటును గుడ్డ రంగుతో కప్పకుండా, పటంలోని చుక్కనే చుక్కగా అతికించాను.

ఇక్కడొక హెచ్చరిక. ఎనిమిదింటిలోనూ ఒకేలా వచ్చిందంటే అది నిజమని అర్థం కాదు. మోడల్‌కు స్థిరమైన అలవాట్లు ఉంటాయి, సీడ్ ఎంత మార్చినా అవి మారవు. మన ఎనిమిది బొమ్మల్లోనూ నుదుటి మీద మూడు అడ్డ ముడతలు ఒకే చోట వచ్చాయి. తేడా బొమ్మలో ఆ భాగం నల్లగా, నిశ్చింతగా ఉంది. పటంలో మాత్రం నుదురు నున్నగా ఉంది. ముఖం వయసును బట్టి ముడతలు ఉండాలని మోడల్ నిర్ణయించుకుంది. చర్మం రంగు విషయంలోనూ అంతే, అన్నీ పటం కంటే ఒక ఛాయ తెలుపుగా వచ్చాయి.

ఈ రకం కల్పనను పట్టుకోవడానికి పటంతోనే పోల్చాలి. ఫోటోలు దిద్దే GIMP సాఫ్ట్‌వేర్‌లో పటాన్ని కింద, కొత్త బొమ్మను పైన లేయర్లుగా పెట్టి, పై లేయర్‌ను ఆపుతూ వెలిగిస్తూ చూడండి. కదిలినది ఏదైనా కంటికి వెంటనే తగులుతుంది. తరువాత కొలవండి. రెండు కంటిపాపల మధ్య దూరాన్ని 100 అనుకుని, ముక్కు కొస నుంచి గడ్డం దాకా, నోటి వెడల్పు, చెవి పైఅంచు ఎత్తు ఎంతెంత వస్తాయో రెండింటిలో చూడండి. మూడుకు మించి తేడా వస్తే ఆ బొమ్మను పక్కన పెడతాను. నుదుటి ముడతలను పటంలోని నున్నని నుదుటితో కప్పి, ఆ భాగాన్ని 0.2తో మళ్లీ నడిపాను. నుదురు కొంచెం పెయింటింగ్ లాగే మిగిలింది. అలా మిగలడమే సరైనదని నా అభిప్రాయం.

వెనకభాగం సంగతి త్వరగా చెప్పేస్తాను. పటంలో ముదురు గోధుమరంగు తెర ఉంది, మోడల్ దాన్ని కిటికీలున్న గదిగా మార్చాలని చూస్తుంది. మాస్కు వేసి పాత తెరనే ఉంచండి. బల్ల మీద పుస్తకం ఉంటే దాని మీద అర్థం లేని అక్షరాలు వస్తాయి, వాటినీ పటంతోనే కప్పండి.

రంగు

తైలవర్ణ చిత్రాల మీది వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. ఎదురుగా వెలిగిన దీపం పొగ, సాంబ్రాణి పొగ దాని మీద పేరుకుంటాయి. తెల్ల కాగితంతో సరిచేస్తే ఫోటో తీసిన వెలుతురు ప్రభావం పోతుంది, వార్నిష్ పసుపు పోదు. ఆ పసుపు కింద ఉన్న రంగు కూడా చిత్రకారుడు ఎంచుకున్నదే. గిరాకీ కోసం ఛాయ తెలుపు చేసి గీయడం ఆ రోజుల్లో ఉన్నదే. కాబట్టి పటంలోని చర్మపు రంగును ముత్తాత రంగుగా తీసుకోలేం.

నలుపు తెలుపులో చేస్తే ఈ గొడవ తప్పుతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. నలుపు తెలుపులో, కాస్త గోధుమరంగు కలిపి, అంచులు మసకబార్చి ఇస్తే అది 1920ల నాటి అసలు ఫోటో అని నమ్మనివారు ఉండరు. గీతలు, మరకలు చేర్చి పాతగా చూపించడం అన్నిటికంటే ప్రమాదం. ఈ రంగుల ఫోటో ఆ కాలంలో తీసి ఉండరని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అందుకే రంగులోనే ఉంచాను. చర్మాన్ని మోడల్ తెలుపు చేసినంత మేర వెనక్కి తెచ్చి, పటం ఛాయ దగ్గర ఆపాను. “చామనచాయ” అన్న మాటను ఆధారం చేసుకుని ఇంకా ముదురు చేయలేదు, ఎందుకంటే చామనచాయ ఎంతో కొలిచి చెప్పేవారు లేరు. ఆ మాట కింద రాతలో ఉంది.

బొమ్మ మీద రాత

ఫోటో కింద తెల్లని అంచు వదిలి, అందులోనే రాయండి. విడిగా చీటీ పెడితే రెండేళ్లలో పోతుంది. మన బొమ్మ కింద ఇలా ఉంది:

“ఇది ఫోటో కాదు. 1938లో, ఆయన మరణానంతరం గీసిన తైలవర్ణ చిత్రం ఆధారంగా కంప్యూటర్‌తో తయారుచేసిన రూపం. ముఖ కవళికల్లో పెద్దకొడుకు పోలికలు కలిసి ఉండవచ్చు. చర్మపు వివరాలు, మీసం చివరలు, చెవి మడతలు, గుండీలు ఊహ. సర్వీసు రిజిస్టరులో ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉన్నట్టు నమోదైంది, చిత్రంలో లేదు. చామనచాయ అనీ మశూచి మచ్చలు ఉండేవనీ కుటుంబంలో చెప్పుకుంటారు.”

మొదటి వాక్యం అందరికీ కనిపించేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎవరైనా ముఖం వరకే కత్తిరించి పంపుతారని భయం ఉంటే, భుజం పక్కన తెర మీద కూడా ‘చిత్రం ఆధారంగా’ అని చిన్నగా రాయండి.

ఫైలు లోపల కూడా గుర్తు పెట్టవచ్చు. ఫోటోలోని సమాచారం రాసే ఎగ్జిఫ్‌టూల్ ఉచితంగా దొరుకుతుంది:

```
exiftool -XMP-iptcExt:DigitalSourceType="http://cv.iptc.org/newscodes/digitalsourcetype/compositeWithTrainedAlgorithmicMedia" muttata.jpg
```

కృత్రిమ మేధతో కొంత భాగం చేసిన బొమ్మ అని వార్తాసంస్థలు వాడే గుర్తు అది. కానీ వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఈ లోపలి సమాచారం చెరిగిపోతుంది. కుటుంబంలో బొమ్మలు తిరిగేది వాట్సాప్‌లోనే కాబట్టి అంచు మీది రాతే అసలు రక్షణ, ఇది దానికి తోడు మాత్రమే.

కుటుంబానికి చూపించడం

ఒకే బొమ్మ తీసుకెళ్లకండి. పరీక్షలో నెగ్గిన రెండు మూడు బొమ్మలను పటంతో పాటు పక్కపక్కన పెట్టి చూపించండి. ఏది బాగుందని అడగకుండా, పటానికి దూరంగా అనిపించేది ఏదని అడగండి. ఒకే మనిషికి మూడు కొద్దిపాటి తేడాల ముఖాలు చూసినప్పుడు, ఇందులో ఎంత తెలుసో ఎంత తెలియదో ఎవరూ వివరించకుండానే వారికి అర్థమవుతుంది. ఆ ఇంట్లో ఒకరు ముఖంలో కళ ఉండాలని, పెదవుల మీద కాస్త చిరునవ్వు పెట్టమని అడిగారు. పటంలో ఆయన నవ్వడం లేదని చూపించి కాదన్నాను. పెద్దావిడ మశూచి మచ్చలు పెట్టనందుకు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. మచ్చల సంగతి కింద రాసి ఉందని చదివి వినిపించాను, దాని కింద ఎవరు చెప్పారో కూడా రాయమన్నారు. వారి అత్తగారి పేరు చేర్చాను.

తద్దినం నాడు దండ వేసే చోట ఏ బొమ్మ ఉండాలో ఆ ఇంటివారి ఇష్టం. అడిగితే మాత్రం అసలు పటాన్ని అక్కడే ఉంచి, కొత్త బొమ్మను వేరే గోడకు పెట్టమంటాను. పక్కపక్కన ఉంటే కంటికి ఇంపైన కొత్తదే మిగిలి, పాతది అటకెక్కుతుంది. అది ఎక్కకూడదు, ఎందుకంటే ఆయన రూపాన్ని చూపడానికి మిగిలినది అదొక్కటే.

ఒక పెన్‌డ్రైవ్‌లో పటం ముందు వెనకల ఫోటోలు, ఏటవాలు వెలుగు ఫోటో, ఆధారాల పట్టిక, వాడిన మాటలు, మోడల్ పేరు, సీడ్ అంకె, ఎనిమిది బొమ్మలు అన్నీ పెట్టి ఇవ్వండి. పట్టికను అచ్చు తీసి కొత్త పటం చట్రం వెనక అట్ట లోపల కూడా ఉంచండి. ఆ గ్రూపు ఫోటో ఏ బంధువుల ఇంట్లోనైనా బయటపడితే ఈ పని మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయాలి. అప్పుడు ఏది తీసేయాలో ఆ పట్టికే చెబుతుంది.